చీలమండ పైన నల్లబడితే తామర అనుకోకండి

"మా నాన్నకి ఎడమ చీలమండ పైన నల్లగా అయ్యి దురద. తామర క్రీములు రాసినా తగ్గట్లేదు. ఫోటోలు పెట్టాను. మాది పలాస."

ఫోటోల్లో ఉన్నది ఎక్కువగా సిరల జబ్బే, అదీ ఏళ్ల నాటిది. సిరల్లో కవాటాలు పాడైతే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర నిలిచిపోతుంది, ఆ ఒత్తిడికి ఎర్రకణాలు బయటికి కారి వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది, ఆ గోధుమ నలుపు అదే. క్రీముకి పోదు. రెండో ఫోటోలో పిక్క కింద సన్నగా బిగుసుకుంది చూశారా, లోపలి కొవ్వు పొర కూడా గట్టిపడినట్టుంది. దీని తర్వాత పుండు పడొచ్చు.

1. కాలి సిరలకి డాప్లర్ స్కాన్ చేయించండి. చాలామంది తప్పేది ఇక్కడే: పడుకోబెట్టి సిరలో రక్తం గడ్డ ఉందా లేదా చూసి "నార్మల్" అని పంపేస్తారు. రక్తం వెనక్కి జారడం, అంటే రిఫ్లక్స్, నిలబెట్టి చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది. చీటీ మీద "నిలబెట్టి, రిఫ్లక్స్ కోసం" అని రాయించుకోండి.

2. రిపోర్టుతో వాస్క్యులర్ సర్జన్‌ని, అంటే రక్తనాళాల డాక్టర్ని కలవండి, మన వైపు వాళ్లకి విశాఖ దగ్గర.

3. బిగుతు మేజోళ్లు మెడికల్ షాపులో కొని మీరే వేసేయకండి. నాన్నగారికి షుగర్, చుట్ట అలవాటు ఉంటే ముందు పాదంలో నాడి చూపించాలి, ధమనులు మూసుకుపోయిన కాలికి అవి ప్రమాదం.

గోకనివ్వకండి, కొబ్బరినూనె చాలు. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.