అత్తగారి ఆదివారం మాత్ర గురించి

అమ్మలూ,

వదినగారిని, అదే మీ అత్తగారిని, ఊరి నుంచి తెచ్చి నీ దగ్గరే ఉంచుకుంటున్నావనీ, ఆవిడ మందులన్నీ ఇక నువ్వే చూసుకుంటావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆఫీసుకి వెళ్ళే పిల్ల ఇంత బాధ్యత తలకెత్తుకుందని ఎంత గర్వపడ్డానో. తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. ఏడు గదుల మందుల డబ్బా కొన్నావట, ప్రతి ఆదివారం వారానికి సరిపడా మాత్రలు నింపి పెడతావట, పగలు పనమ్మాయి తీసి ఇస్తుందట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, కాల్షియం, వీటికి ఆ డబ్బా బాగానే ఉంటుంది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే వేసే మెథోట్రెక్సేట్ మాత్రం ఆ డబ్బాలో ఏ గదిలోనూ పెట్టకు. దాన్ని వేరే చిన్న డబ్బాలో, నీ బీరువాలో, నీ చేతి కింద ఉంచుకో. ఆదివారం నువ్వే తీసి నీ చేత్తో ఇవ్వు. పనమ్మాయికి దాని జోలి వద్దు. ఆ పిల్ల మంచిదే కావచ్చు, కానీ మిగతా మాత్రలన్నీ రోజూ ఇచ్చే చెయ్యి దీన్ని కూడా రోజూ ఇచ్చేస్తుంది.

వారానికి ఒక్కసారే ఎందుకో నీకు అర్థమైతే నేను పదిసార్లు చెప్పనక్కర్లేదు. మన ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. తిన్న ఫోలిక్ యాసిడ్‌ని ఒక ఎంజైమ్ మారిస్తేనే అది కణానికి పనికొస్తుంది. మెథోట్రెక్సేట్ చూడటానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, ఆ ఎంజైమ్‌ని పట్టుకుని పని చెయ్యనివ్వదు. కీళ్ళవాతంలో సొంత కీళ్ళ మీదే దాడి చేసే కణాల దూకుడు ఈ మందుతో తగ్గుతుంది. కానీ ఎముకల మూలుగ, నోటి లోపలి పొర, పేగు పొర కూడా ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టించుకుంటూ ఉండేవే. మందు దెబ్బ వాటికీ తగులుతుంది. ఒక మోతాదు వేశాక రక్తంలోంచి మందు దాదాపు ఒక రోజులో కిడ్నీల ద్వారా వెళ్ళిపోతుంది. కణాల లోపలికి చేరింది మాత్రం వారాల తరబడి అక్కడే ఉంటుంది. అందుకే ఒక్క రోజు వేసిన మందు వారమంతా కీళ్ళకి పనిచేస్తుంది. మిగిలిన ఆరు రోజులూ మూలుగ, పేగులు కోలుకుంటాయి. రోజూ వేస్తే ఆ వ్యవధి ఉండదు. వారానికి ఒకసారి 20 మిల్లీగ్రాములు వేసుకుని హాయిగా తిరిగేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అందులో సగం, 10 మిల్లీగ్రాములే, రోజూ వేసుకుని వారం పదిరోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మోతాదు ఎంతన్నదానికంటే ఒంటికి తెరిపి దొరికిందా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

ఈ మందు వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉంది. 1940లలో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, తర్వాత దానికి అడ్డుపడే మందుల్నీ తయారుచేసింది. ముందు వాటిని వాడింది రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి. కీళ్ళకి అదే కుటుంబపు మందుని చాలా చిన్న మోతాదులో వాడుతున్నాం. చిన్న మాత్రే కదా అనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను.

ఇప్పుడు ఒక ముసలావిడ సంగతి చెబుతాను. నేను వార్డులో సిస్టర్‌గా చేస్తున్న రోజుల్లో వచ్చింది. అరవై దాటిన మనిషి, పల్లెటూరు. వేళ్ళు, మణికట్లు వాచి పొద్దున్నే గ్లాసు పట్టుకోలేకపోతే పట్నంలో డాక్టర్‌కి చూపించారు. ఆయన సరిగానే రాశాడు. ఆదివారం మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చేది ఈ మందు వల్ల నోరు పొక్కడం, వికారం తగ్గడానికి. కొడుకు మందుల షాపులో రెండూ కొన్నాడు. రెండూ చిన్న పసుపు మాత్రలే, రెండింటి కంపెనీ పేర్లూ ‘ఫోలి’ అనే మొదలయ్యాయి. షాపులో కవర్లు తారుమారయ్యాయి. ఫోలిక్ యాసిడ్ కవరు మీద ‘ఆదివారం’ అని, మెథోట్రెక్సేట్ కవరు మీద ‘రోజూ ఒకటి’ అని రాసి ఇచ్చారు. ఆవిడ ఒక్క పూట కూడా తప్పకుండా, ఆ రాసినట్టే వేసుకుంది.

సోమవారం మొదలుపెట్టింది. శుక్రవారానికి నోరు మండుతోందంది. వేడి చేసిందనుకున్నారు, మజ్జిగ, సబ్జా నీళ్ళు ఇచ్చారు. ఊళ్ళో వైద్యుడు బీకాంప్లెక్స్ ఇచ్చాడు. మాత్ర మాత్రం ఆగలేదు. ఆ ఆదివారం ఫోలిక్ యాసిడ్ వేసుకుంది, సోమ, మంగళ వారాలు మళ్ళీ మెథోట్రెక్సేట్. బుధవారం మా దగ్గరికి తెచ్చేసరికి గంజి కూడా మింగలేకపోతోంది. పెదవులు, నాలుక పుళ్ళు పడి రక్తం చిమ్ముతున్నాయి. జ్వరం, నీళ్ళ విరేచనాలు, కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు. రక్తపరీక్షలో తెల్లకణాలు 800, ప్లేట్‌లెట్లు 14 వేలు. వానాకాలం, వార్డు నిండా డెంగ్యూ కేసులే. జ్వరం ఉండి ప్లేట్‌లెట్లు పడిపోతే ఎవరైనా డెంగ్యూ అనే అనుకుంటారు. డ్యూటీ డాక్టరమ్మ మాత్రం నోటి పుళ్ళు చూసి ఆగింది. ముసలావిడ చేతివేళ్ళ వంకరా చూసింది. “కీళ్ళకి ఏం వాడుతున్నారు?” అని అడిగింది. కొడుక్కి పేర్లు తెలియవు. సంచీ తెప్పించి మంచం మీద బోర్లించాం. పది మాత్రల మెథోట్రెక్సేట్ స్ట్రిప్పులో రెండే మిగిలాయి. సరిగ్గా వేసుకుని ఉంటే తొమ్మిది ఉండాలి.

వెంటనే ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇది గుర్తుపెట్టుకో, ఫోలిక్ కాదు, ఫోలినిక్. ఆ ఎంజైమ్ ఇప్పటికే మూతపడి ఉంది కాబట్టి మామూలు ఫోలిక్ యాసిడ్ ఎంత ఇచ్చినా మారదు. ఫోలినిక్ యాసిడ్‌కి ఆ ఎంజైమ్‌తో పనిలేదు. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు చేస్తుంది. సెలైన్, యాంటీబయాటిక్స్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్లు, అన్నీ నడిచాయి. చాలా రోజులు నీళ్ళు చెంచాతో పట్టాల్సి వచ్చింది. చివరికి ఆవిడ నడిచి ఇంటికి వెళ్ళింది. తర్వాత ఇలాగే వచ్చిన ఇంకొకాయనకి కిడ్నీలు ముందే బాగుండేవి కావు, మందు ఒంట్లోంచి బయటికి పోలేదు. ఆయన దక్కలేదు. వదినగారికి షుగర్ ఉందని మీ అమ్మ అంది. అందుకే నా టెన్షన్. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో డాక్టర్‌ని అడిగి నాకు చెప్పు.

నువ్వు చెయ్యాల్సినవి పెద్దగా లేవు. షాపు నుంచి తెచ్చిన రోజే స్ట్రిప్పు మీద పేరు, మిల్లీగ్రాములు డాక్టర్ చీటీతో పోల్చి చూడు, కవరు మీది రాతని నమ్మకు. ఇందులో 2.5 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా మాత్రలు దొరుకుతాయి. 2.5వి నాలుగు వేసుకునే మనిషికి షాపువాడు 10వి ఇస్తే, అలవాటుగా నాలుగే వేస్తే, ఒక్క రోజులో 40 లోపలికి పోతుంది. అందుకే ఎప్పుడూ ఒకే మిల్లీగ్రాముల మాత్ర కొను. స్ట్రిప్పు మీద మార్కర్‌తో ‘ఆదివారం మాత్రమే’ అని పెద్దగా తెలుగులో రాయి, వదినగారు చదువుకోగలగాలి. వేసిన వెంటనే గోడ క్యాలెండర్లో ఆ తేదీ కొట్టెయ్యి. వారానికి ఒకటి చొప్పున పది మాత్రల స్ట్రిప్పు పది వారాలు రావాలి. ముందే అయిపోతే ఎక్కడో తప్పు జరుగుతున్నట్టే. ఆదివారం మర్చిపోతే రెండు రోజుల లోపు వెయ్యొచ్చు, అది దాటితే ఆ వారం వదిలెయ్యి, రెండు కలిపి ఎప్పుడూ వేయకు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజుల్లో అనేది మీ డాక్టర్ చెప్పినట్టే.

నాకు ఇంకో భయం వదినగారి ఓర్పు గురించి. ఇది నొప్పి తగ్గించే బిళ్ళ కాదు. ఫలితం తెలియడానికి ఆరు వారాలు పట్టొచ్చు, పన్నెండు కూడా పట్టొచ్చు. మధ్యలో బుధవారం నాడు మోకాలు సలిపితే “ఆ ఆదివారం మాత్ర ఇంకోటి ఇవ్వమ్మా” అంటారు. నొప్పికి డాక్టర్ వేరే మాత్ర ఏదైనా రాసి ఉంటే అదివ్వు. సొంతంగా నొప్పి బిళ్ళలు కొనివ్వకు, కిడ్నీలకి మంచిది కాదు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, దగ్గు వచ్చినా చూసే ప్రతి డాక్టర్‌కీ మెథోట్రెక్సేట్ వాడుతున్నారని ముందే చెప్పు. కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే మూలుగ బాగా దెబ్బతింటుంది.

నోరు పొక్కినా, జ్వరం, విరేచనాలు, కొత్తగా ఆయాసం, పొడిదగ్గు, చర్మం మీద ఎర్రచుక్కలు కనిపించినా ఆ ఆదివారం మాత్ర ఆపి ఆ రోజే డాక్టర్‌కి చూపించు. రోజూ వేసేసినట్టు తేలితే మటుకు లక్షణాలు లేకపోయినా ఆగకు, స్ట్రిప్పు చేతిలో పట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్ళు. మొదట్లో రెండు మూడు వారాలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు రాస్తారు. బాగానే ఉన్నారు కదా అని వాయిదా వేయకు.

ఒక మాట నీ గురించి కూడా. రెండో కానుపు గురించి ఆలోచిస్తున్నావని తెలుసు. ఈ మందు గర్భంలో బిడ్డకి చాలా చేటు. ఆ మాత్రని విరవకు, పొడి చెయ్యకు, ముట్టుకుంటే చేతులు కడుక్కో. మింగలేనంటే నువ్వు నూరి ఇవ్వకు, డాక్టర్‌ని అడుగు. నెల తప్పావని అనుమానం వస్తే ఆ పని అల్లుడికి అప్పజెప్పు. చెయ్యలేనని అతనంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

ఈ ఆదివారం మొదటి మాత్ర వేసేముందు చీటీ, స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపు. కళ్ళజోడు పెట్టుకుని చూసి చెబుతాను, అప్పుడు వెయ్యి.

మీ పెద్దమ్మ