షాపులో మోకాలి లోతు నీళ్లు, వాన బీమా మాత్రం రాలేదు

ప్రశ్న: విశాఖ జ్ఞానాపురంలో నాకు కిరాణా షాపు ఉంది. మా వ్యాపారుల సంఘం ద్వారా వాన బీమా తీసుకున్నాను. 24 గంటల్లో 100 మి.మీ. దాటితే ఆపైన ప్రతి మి.మీ.కి వెయ్యి రూపాయల చొప్పున, లక్షకు మించకుండా ఇస్తామన్నారు. మొన్న అక్టోబరు 14న తెల్లవారుజామున 2 గంటల నుంచి మధ్యాహ్నం దాకా కుండపోత. 80 వేల సరుకు తడిసిపోయింది. సర్వేయర్ రాలేదు, ఫొటోలు అడగలేదు. ఎయిర్‌పోర్టు కేంద్రంలో 14న 58, 15న 76 మి.మీ. నమోదైందని, 100 దాటలేదు కాబట్టి ఏమీ రాదని ఉత్తరం పంపారు. 15న మాకు చినుకు కూడా పడలేదు! చూడకుండానే కాదనవచ్చా? పోయినేడు మా బావమరిదికి పైసా నష్టం లేకుండానే ఇదే పాలసీ కింద డబ్బు వచ్చింది. ఇదేం న్యాయం?

జవాబు: సర్వేయర్ రాలేదన్న కారణంతో ఈ కేసు నిలవదు. కానీ మీ చేతిలో ఉన్న ఆ ఉత్తరంలోనే గట్టి పాయింటు ఒకటి ఉంది. దాని మీద పోరాడాలి.

మామూలు అగ్ని, వరద పాలసీల్లో కంపెనీ ఇచ్చే మాట ఏమిటంటే, మీకు ఎంత నష్టం వస్తే అంత పూడుస్తామని. అందుకే సర్వేయర్ వచ్చి సరుకు లెక్క చూస్తాడు. మీరు తీసుకున్నది ఇండెక్స్ పాలసీ. ఫలానా కేంద్రంలో వాన ఇంత దాటితే ఇంత ఇస్తామన్నదే అందులో మాట. కాంట్రాక్టు చట్టం 31వ సెక్షన్ చెప్పే షరతుతో కూడిన ఒప్పందం లాంటిది ఇది. ఆ సంఘటన జరిగిందా లేదా అన్నదే చూస్తారు, మీ షాపులో నీళ్లు ఎంత లోతు వచ్చాయన్నది చూడరు. మీ బావమరిదికి డబ్బు రావడమూ అందుకే సక్రమం. తన షాపు కోసం, తన వ్యాపారానికి ఉన్న ముప్పు కోసం తీసుకున్నాడు కాబట్టి అది జూదం కాదు, బీమానే. నష్టం రుజువు చేసే పని లేకపోవడం వల్ల డబ్బు త్వరగా చేతికొస్తుంది. కానీ అదే కారణంగా నిజంగా మునిగినవాడికి ఒక్కోసారి ఏమీ రాదు. పాలసీ అమ్మేటప్పుడు ఈ రెండో సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు, అదే నా బాధ.

ఇప్పుడు 15వ తేదీ సంగతి. భారత వాతావరణ శాఖ రోజువారీ వానను ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు కొలిచి, ముగిసిన తేదీ కింద రాస్తుంది. కాబట్టి ఉత్తరంలోని 15వ తేదీ 76 మి.మీ. అంటే 14న ఉదయం 8:30 తర్వాత పడిన వాన. 14వ తేదీ 58లో తెల్లవారుజాము వాన ఉంది. మీకు ఒక్క ఊపున కురిసిన వాన వాళ్ల పుస్తకంలో రెండు రోజుల కింద చీలిపోయింది. కలిపితే 134. అంటే 34 మి.మీ. ఎక్కువ, మీ రేటు ప్రకారం 34 వేల రూపాయలు. 80 వేలు రావు. షరతు నెగ్గినా వచ్చేది కొలతను బట్టే, నష్టాన్ని బట్టి కాదు.

ఇక అంతా పాలసీలో ఏ మాట రాశారన్న దాని మీదే ఆధారపడుతుంది. సంఘం మీకిచ్చిన ఒక పేజీ సర్టిఫికెట్ చాలదు. కంపెనీ సంఘం పేరిట ఇచ్చిన అసలు మాస్టర్ పాలసీ, షరతులూ రేట్లూ రాసే దాని టర్మ్ షీట్ కాపీలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ‘వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం, 8:30 నుంచి 8:30’ అని స్పష్టంగా నిర్వచించి ఉంటే మీకు దారి దాదాపు మూసుకుపోయినట్టే. పాలసీ మాటలు స్పష్టంగా ఉన్నప్పుడు వాటిని ఉన్నవి ఉన్నట్టే చదవాలని, జాలితో సాగదీయకూడదని సుప్రీంకోర్టు హర్‌చంద్ రాయ్ కేసులో 2004లో చెప్పింది. ‘ఏవైనా వరుస 24 గంటలు’ అని ఉంటే డబ్బు మీదే. మీరు రాసినట్టు ‘24 గంటల్లో’ అని మాత్రమే ఉండి, ఎప్పటి నుంచి ఎప్పటికన్నది ఎక్కడా లేకపోతే, రెండు అర్థాలకూ తావుంది. అలాంటప్పుడు ఆ మాటలు రాసిన కంపెనీకి వ్యతిరేకంగా అర్థం తీయాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు చందూమల్ జైన్ కేసు నుంచీ, అంటే 1966 నుంచీ, పాటిస్తోంది. మీ కేసు బలం ఇక్కడే ఉంది. అదే షీట్‌లో రెండు, మూడు రోజుల మొత్తం వానకు వేరే ట్రిగ్గర్, అంటే ఇంత దాటితే డబ్బు ఇస్తామన్న వేరే హద్దు, ఉందేమో కూడా చూడండి. చాలా పాలసీల్లో ఉంటుంది, సభ్యులకు తెలియదు.

కేంద్రం పేరూ సరిచూడండి. విశాఖలో వాతావరణ శాఖకు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కేంద్రం, వాల్తేరులో మరొకటి ఉన్నాయి. రెండు చోట్లా ఒకే రోజు వేర్వేరు అంకెలు రావడం మామూలే. పాలసీలో వాల్తేరు అని ఉండి కంపెనీ ఎయిర్‌పోర్టు అంకె వాడితే ఆ తిరస్కరణ చెల్లదు. పాలసీలో ఎయిర్‌పోర్టే ఉంటే మాత్రం జ్ఞానాపురంలో ఇంకా ఎక్కువ పడిందన్న వాదన పనికిరాదు.

సాక్ష్యం కోసం తడిసిన బియ్యం బస్తాల ఫొటోల కన్నా గంటగంటకూ వాన లెక్క ముఖ్యం. ఎందుకంటే 14వ తేదీ కింద రాసిన 58లో 13వ తేదీ పగలు పడిన వాన కూడా కలిసి ఉండవచ్చు. 13న ఉదయం 10కి 20 మి.మీ. పడి ఉంటే 24 గంటల లెక్కలో అది బయటికి పోతుంది, మీకు మిగిలేది 114, అంటే 14 వేలే. అందుకని 13 ఉదయం 8:30 నుంచి 15 ఉదయం 8:30 వరకు ఆ కేంద్రంలో గంటవారీ నమోదు ధ్రువీకరించి ఇమ్మని వాతావరణ శాఖకు దరఖాస్తు చేయండి. సమాచార హక్కు చట్టం కిందా అడగవచ్చు, పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. రుసుము కట్టి డేటా కొనుక్కోమంటే కొనండి. ఈ కేసులో దాని మీద పెట్టిన ఖర్చు వృథా కాదు.

ఆ లెక్కతో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. గ్రూప్ పాలసీలు, ఒక్కరే నడిపే వ్యాపారాల పాలసీలు ఆ పరిధిలోకి వస్తాయి, ఫీజు లేదు. తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. లేదంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. రెండు చోట్లా ఒకేసారి వేయకండి. మాటల అర్థం మీద తగువు కాబట్టి, 34 వేల కోసం అయితే నేను ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే పొమ్మంటాను.

ఇంకొకటి ఇవాళే చూసుకోండి. సరుకు మీద బ్యాంకు లోను ఉంటే, బ్యాంకు మీ ఖర్చుతోనే మామూలు బీమా చేయించి ఉండే అవకాశం ఎక్కువ. చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో తుఫాను, వరద ముంపు రక్షణ ఉంటుంది. అక్కడ మీ 80 వేలు లెక్కలోకి వస్తాయి, ఫొటోలూ బిల్లులూ పనికొస్తాయి. ఆలస్యంగా తెలిపారన్న సాకు వాళ్లకు దొరకకముందే బ్యాంకుకీ కంపెనీకీ ఉత్తరం పెట్టండి, తడిసిన సరుకులో మిగిలినది ఏదైనా ఉంటే సర్వేయర్ చూసేదాకా పారేయకండి.