కేటలాగ్ పంపితే ఎవరూ పలకలేదంటే…

ప్రశ్న: దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ ఆహార ఫెయిర్‌లో మిర్చి స్టాల్ పెట్టాం. బోలెడన్ని కార్డులు వచ్చాయి. ఇంటికొచ్చాక అందరికీ "మిమ్మల్ని కలవడం సంతోషం" అని కేటలాగ్ జతచేసి మెయిల్ పెట్టాను. అరగంట కూర్చుని మాట్లాడినవాళ్ళు కూడా జవాబివ్వలేదు. ఏం రాస్తే పలుకుతారు?

జవాబు: మాది గుంటూరు అండీ, ఎండు మిర్చి ఎగుమతి. ఆ హాల్లో మిర్చి స్టాళ్ళు వరసగా ఉంటాయి, అందరి దగ్గరా తేజ రకం, అందరి దగ్గరా 334 రకం. తిరిగివెళ్ళిన బయ్యర్‌కి మీ కంపెనీ పేరు గుర్తుండదు. తను ఏమన్నాడో మాత్రం గుర్తుంటుంది. మెయిల్ మొదటి వాక్యంలో ఆ మాటే ఉండాలి.

ఒకసారి మలేషియా నుంచి మసాలా పొడుల మిల్లు ఆయన వచ్చాడు. మా తేజ శాంపిల్ ట్రేలోంచి గుప్పెడు కాయలు తీసుకుని ఒక్కో తొడిమా విరిచి బల్ల మీద పెట్టాడు. "ఇవి పొడిలో పడితే రంగు తేలిపోతుంది. పోయినసారి తెప్పించిన సరుకులో రంగు వెలిసిన తాలు కాయలు కూడా ఎక్కువే" అన్నాడు. 25 కిలోల సంచుల్లో ఇవ్వగలరా అని అడిగాడు. ఉన్న స్టాకు రంజాన్ దాకా వస్తుందన్నాడు. తొడిమ తీసి తాలు ఏరిన లాటు ఫోటోలు పంపుతానని నేనన్నాను.

ఆయన నాలుగడుగులు వేయగానే ఇదంతా రాసుకున్నాను: "తొడిమ విరిచాడు. తాలు గొడవ. 25 కిలోలు. రంజాన్ తర్వాత. ఫోటోలు పంపాలి." నున్నటి కార్డుల మీద పెన్ను పడదు, అందుకే కార్డుని నోట్‌బుక్ పేజీకి స్టేపుల్ చేసి పక్కన రాస్తాను. మీరు ఏం పంపుతానన్నారో కచ్చితంగా రాసుకోండి. సాయంత్రం హోటల్లో గుర్తుచేసుకుందాం అనుకుంటే తాలు అన్నది ఈయనా, ఒమన్ ఆయనా అని తికమక పడతారు.

ఊరొచ్చాక ఆయనకి పెట్టిన మెయిల్ తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"మా స్టాల్‌లో మీరు తేజ తొడిమలు విరిచి, ఇవి పడితే పొడి రంగు తేలిపోతుందన్నారు. ఒకే లాటు ఏరకముందు, ఏరాక తీసిన ఫోటోలు జతచేశాను. తేమ, తాలు శాతం చూపే ల్యాబ్ రిపోర్టు కూడా ఉంది. 25 కిలోల సంచుల్లో ఇవ్వగలం. అరకిలో శాంపిల్ ఏ చిరునామాకి పంపమంటారు?"

కేటలాగ్ పెట్టలేదు. ఆయన అడగలేదు కాబట్టి ధర కూడా రాయలేదు. మిర్చి యార్డులో ధర రోజుకో రకంగా ఉంటుంది, రాయాల్సి వస్తే ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయాలి. చివర ఒకే ప్రశ్న, అదీ ఒక్క లైనులో జవాబివ్వగలిగింది.

జవాబు వచ్చింది, కానీ మెచ్చుకోలు కాదు. ఫోటో పెద్దది చేసి చూశాడు కాబోలు, "తాలు తగ్గింది, విరిగిన కాయలు ఎక్కువగా కనిపిస్తున్నాయి" అన్నాడు. నిజమే, చేత్తో తొడిమ తీస్తే కొన్ని కాయలు విరుగుతాయి, గింజలు రాలతాయి. అలాగే ఒప్పుకుని, ఎంత శాతం దాకా ఫర్వాలేదో అడిగాను. అక్కణ్ణుంచి మా మాటలు సరుకు గురించే సాగాయి. నాకు కావలసిందీ అదే.

గుర్తుచేయడంలో కొన్ని హద్దులున్నాయి. అంతకుముందు సరుకు ఎవరిచ్చారో ఆయన పేరుతో సహా చెప్పాడు, నేను మెయిల్‌లో రాయలేదు. ఆ మెయిల్ వాళ్ళ ఆఫీసులో, ల్యాబులో నలుగురి చేతులు మారుతుంది. ఇంటి విషయాలు, ఆరోగ్యం కబుర్లు కూడా అంతే, మళ్ళీ ఎదురుపడినప్పుడు అడగండి. సరిగ్గా గుర్తులేకపోతే మాత్రం కల్పించి రాయకండి. "నా నోట్సులో తాలు అని ఉంది, మీరన్నది తేజ గురించా, 334 గురించా?" అని అడిగేయండి. తప్పుగా గుర్తుచేస్తే అందరికీ ఒకే మెయిల్ కొట్టారని వెంటనే తెలిసిపోతుంది. కార్డు ఇచ్చి వెళ్ళిపోయినవాళ్ళకి రెండు లైన్లు చాలు, వాళ్ళ నుంచి పెద్దగా ఆశించకండి.

ఎప్పుడు పంపాలన్నదాని మీద తలా ఒక మాట చెబుతారు. ఫెయిర్ ముగిసిన రోజు రాత్రే పంపడం నాకు నచ్చదు, అప్పుడు అందరి మెయిళ్ళూ ఒకేసారి పడతాయి. బయ్యర్ ఆఫీసుకి చేరాక పంపుతాను, వారం మాత్రం దాటనివ్వను. జవాబు లేకపోతే "నా మెయిల్ చూశారా" అని వెంటపడను. ఈయన విషయంలో అయితే, పలకకపోయినా రంజాన్ ముందు మళ్ళీ రాసేవాణ్ణి: "మీ స్టాకు ఇప్పటికి అయిపోవస్తుందన్నారు, కోల్డ్ స్టోరేజీలో తొడిమ తీసిన తేజ ఇన్ని బస్తాలు ఉంది" అని, ఆ వారం తీసిన ఫోటోతో.