క్రేన్ హుక్‌లో న్యూట్రల్ ఆక్సిస్ లోపలికి ఎందుకు జరుగుతుంది?

ప్రశ్న: క్రేన్ హుక్ లెక్కల్లో మామూలు M/I = f/y పనికిరాదంటారు. న్యూట్రల్ ఆక్సిస్ సెంట్రాయిడ్ మీద ఉండకుండా లోపలికి జరుగుతుందంటారు. ఫార్ములా బట్టీ పట్టాను గానీ, ఎందుకు జరుగుతుందో బుర్రకెక్కడం లేదు. ఎవరైనా నిజంగా కొలిచి చూశారా?

జవాబు:

కొలిచాను. కొలిచి, పుస్తకం తప్పని రెండు రోజులు వాదించాను కూడా.

చదువు అయ్యాక కొన్నాళ్లు బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో పనిచేశాను. ఒక కాలేజీ ల్యాబ్ కోసం హుక్ ఆకారంలో టెస్ట్ పీస్ ఒకటి చేశాం. 30 మి.మీ. మందం స్టీల్ ప్లేటును C అక్షరంలా కోయించాం. వంపు లోపలి అంచు రేడియస్ 40 మి.మీ., బయటి అంచు రేడియస్ 100. అంటే సెక్షన్ 60 లోతు, 30 మందం ఉన్న దీర్ఘచతురస్రం. రెండు కొసలకు పిన్నులు పెట్టి, లోడు గీత సరిగ్గా వంపు కేంద్రం గుండా పోయేలా యూటీఎం మీద లాగాం. లోడు 20 కిలోన్యూటన్లు, సుమారు రెండు టన్నులు.

స్ట్రెయిన్ గేజ్‌లు అతికించింది నేనే. ఒకటి లోపలి అంచు మీద, ఇంకోటి పక్క ముఖం మీద సరిగ్గా సగం లోతులో, అంటే సెంట్రాయిడ్ ఉండే 70 మి.మీ. రేడియస్ దగ్గర. ఆక్సిస్ లోపలికి జరిగి ఉంటే మధ్య గేజ్ ఏదో ఒక రీడింగ్ చూపించాలని నా లెక్క. లోడు పెంచుకుంటూ పోయాం. మధ్య గేజ్ సున్నా చుట్టూనే ఊగిసలాడింది తప్ప కదల్లేదు. "సున్నా ఇక్కడే ఉందంటే ఆక్సిస్ సెంట్రాయిడ్ మీదే ఉన్నట్టు కదా!" అని ఊగిపోయాను. ఆ సున్నా సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆక్సిస్ ఎందుకు జరుగుతుందో చూద్దాం.

వంపులోంచి ఒక చిన్న ముక్కను ఊహించుకోండి. రెండు పక్కలా కేంద్రం వైపు కోస్తే ఆ ముక్క బత్తాయి తొనలా ఉంటుంది, లోపల సన్నగా, బయట వెడల్పుగా. స్టీలును ఆ ముక్కలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సాగే దారాల కట్టగా అనుకుంటే, లోపలి దారం పొట్టిది, బయటిది పొడుగుది. మన టెస్ట్ పీస్‌లో ఆ పొడవుల నిష్పత్తి 40కి 100. తిన్నని బీమ్‌లో మాత్రం దారాలన్నీ ఒకే పొడవు. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు హుక్ విచ్చుకునేలా లోడు పెడితే, తొన అంచు ముఖం చదునుగానే ఉండి కొద్దిగా తిరుగుతుంది. అది సెంట్రాయిడ్ చుట్టూ తిరిగిందని కాసేపు నమ్ముదాం. లోపలి అంచూ బయటి అంచూ అక్కడి నుంచి చెరి 30 మి.మీ. దూరంలో ఉన్నాయి కాబట్టి లోపలి దారం ఎంత సాగిందో బయటి దారం అంతే కుదించుకుపోతుంది. కానీ స్ట్రెయిన్ అంటే సాగుదలను అసలు పొడవుతో భాగించాలి. లోపల 30/40, బయట 30/100. సాగింది సమానమే అయినా పొట్టి దారానికి స్ట్రెయిన్ రెండున్నర రెట్లు. స్ట్రెస్ కూడా అంతే. అప్పుడు లోపలి సగంలో ఉన్న టెన్షన్ మొత్తం, బయటి సగంలో ఉన్న కంప్రెషన్ మొత్తాన్ని మించిపోతుంది.

అలా మిగిలిపోవడం కుదరదు. ఉత్త బెండింగ్ మాత్రమే ఉన్నప్పుడు సెక్షన్ మీద నికర బలం సున్నా కావాలి. అందుకే తిరిగే బిందువు లోపలికి జరుగుతుంది. అలా జరిగితే టెన్షన్ వైపు లోతు తగ్గుతుంది, కంప్రెషన్ వైపు పెరుగుతుంది. రెండు మొత్తాలూ సరిపోయిన చోట ఆగుతుంది. అదే న్యూట్రల్ ఆక్సిస్. దాన్ని ఎవరూ పనిగట్టుకుని జరపలేదు, బలాల లెక్క తెగే చోటు అది. సూత్రంగా రాస్తే ఇంతే:

```
స్ట్రెయిన్ ∝ (rn − r) / r
నికర బలం = 0   →   rn = A / ∫(dA/r)
దీర్ఘచతురస్రానికి   rn = h / ln(ro/ri)
```

భాగహారంలో ఆ r ఉండటం వల్ల స్ట్రెస్ గీత తిన్నగా ఉండదు, లోపలి అంచు దగ్గర నిటారుగా లేస్తుంది. వింక్లర్-బాక్ సిద్ధాంతం అని మీ పుస్తకంలో ఉండేది ఇదే.

మా పీస్ లెక్క చూడండి. ln(2.5) అంటే 0.9163, కాబట్టి rn = 60/0.9163 = 65.48 మి.మీ. సెంట్రాయిడ్ 70 దగ్గర ఉంది. జరిగింది 4.52 మి.మీ., దీన్నే e అంటారు. మూమెంట్ 20,000 × 70 = 14 లక్షల న్యూటన్-మి.మీ. ఏరియా 1800.

```
లోపల:  M(rn − ri)/(A·e·ri) = 14,00,000 × 25.48 / (1800 × 4.52 × 40)  ≈ 110
బయట:  M(ro − rn)/(A·e·ro) = 14,00,000 × 34.52 / (1800 × 4.52 × 100) ≈ 59
```

ఇవి మెగాపాస్కల్స్‌లో. మామూలు ఫార్ములా వాడితే రెండు వైపులా 78 వస్తుంది. అంటే లోపలి అంచు దగ్గర బెండింగ్ స్ట్రెస్ నిజానికి 78 కాదు, దానికి 1.4 రెట్లు. బయట మాత్రం మామూలు ఫార్ములా నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. తప్పు సరిగ్గా ప్రమాదం ఉన్న వైపే పడుతోంది. చూడండి, ఆక్సిస్ జరిగింది నాలుగున్నర మిల్లీమీటర్లే. దాన్ని చూసి "ఇంతేనా" అనుకోవద్దు.

ఇక్కడ నేను ఇంకో తప్పు కూడా చేశాను. మొదటిసారి లాగ్ విలువను 0.92గా గుండ్రం చేశాను. rn 65.22 వచ్చింది, e 4.78 అయింది, లోపలి స్ట్రెస్ 110 బదులు 103కి పడిపోయింది. 70 లోంచి 65 తీసేస్తే మిగిలేది చిన్న అంకె కాబట్టి, పెద్ద అంకెలో చిటికెడు తేడా కూడా e ని బాగా తినేస్తుంది. పరీక్షలో మీ జవాబు పుస్తకంతో కలవకపోతే ముందు అక్కడే వెతకండి. కనీసం నాలుగు దశాంశాలు ఉంచండి.

సరే, గేజ్‌ల దగ్గరికి వద్దాం. హుక్‌లో బెండింగ్‌తో పాటు నేరుగా లాగే బలం కూడా ఉంది. 20,000/1800 = 11 మెగాపాస్కల్. అది సెక్షన్ అంతా టెన్షనే. లోపలి అంచున మొత్తం 121, బయట 48 కంప్రెషన్. స్టీలుకు E = 2,00,000 మెగాపాస్కల్ తీసుకుంటే లోపలి గేజ్ 604 మైక్రోస్ట్రెయిన్ చూపించాలి. తిన్నని బీమ్ లెక్కలో అయితే 78 + 11 = 89 కాబట్టి 444. మాకు వచ్చింది 590 దగ్గర. ఆ ఒక్క గేజ్‌తోనే M/I = f/y పని అయిపోయింది. అయినా నేను మధ్య గేజ్ చూపించి వాదిస్తూనే ఉన్నాను.

మా షాపు ఫోర్‌మన్ అన్న ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి ఒకే మాట అడిగాడు: "తమ్మీ, హుక్కుల వంగుడొక్కటే ఉన్నదా? గుంజుడు యాడికి పోయింది?"

కాగితం తీసి మళ్లీ లెక్క వేశాను. 70 మి.మీ. రేడియస్ దగ్గర బెండింగ్ స్ట్రెస్ M(rn − Rc)/(A·e·Rc). rn − Rc అంటే −e, అది పైనా కిందా కొట్టుకుపోతుంది. మిగిలేది −M/(A·Rc). M అంటే F × Rc కాబట్టి అది −F/A. నేరుగా లాగే బలం వల్ల వచ్చేది +F/A. రెండూ కలిస్తే సున్నా. లోడు గీత వంపు కేంద్రం గుండా పోతే, సెక్షన్ ఏ ఆకారంలో ఉన్నా, మొత్తం స్ట్రెస్ సున్నా అయ్యేది సరిగ్గా సెంట్రాయిడ్ దగ్గరే. నేను సరిగ్గా అక్కడే గేజ్ అతికించి, ఆక్సిస్ జరగలేదని చాటింపు వేశాను!

కాబట్టి రెండు గీతలను కలిపేసుకోవద్దు. బెండింగ్ న్యూట్రల్ ఆక్సిస్ 65.5 దగ్గర ఉంది, మొత్తం స్ట్రెస్ సున్నా అయ్యే గీత 70 దగ్గర ఉంది. మొదటిది జరిగింది వంపు వల్ల. రెండోది మళ్లీ వెనక్కి, సెంట్రాయిడ్ మీదికి వచ్చింది లాగుడు వల్ల. నిజంగా తేల్చుకోవాలంటే మూడో గేజ్ 65.5 దగ్గర పెట్టాలి. అక్కడ బెండింగ్ సున్నా కాబట్టి నేరుగా వచ్చే 11 మెగాపాస్కల్ మాత్రమే మిగులుతుంది, అంటే 56 మైక్రోస్ట్రెయిన్. మర్నాడు పెట్టి చూస్తే 50కి కాస్త పైన వచ్చింది. గేజ్‌కు కూడా కొంత వెడల్పు ఉంటుంది, అతికించే చెయ్యి నాది, కాబట్టి దానికి మించి ఆశించలేదు.

అసలు హుక్‌లు ఇలా దీర్ఘచతురస్రంగా ఎందుకు ఉండవో కూడా ఇక్కడే తెలుస్తుంది. అదే 1800 ఏరియాను, అదే 60 లోతులో, లోపల 40, బయట 20 వెడల్పు ఉన్న ట్రపీజియంగా మార్చండి. సెంట్రాయిడ్ 66.67కి వస్తుంది, rn 62.35. లోపలి మొత్తం స్ట్రెస్ 121 నుంచి 107కి దిగుతుంది. బయట 48 నుంచి 54కి పెరుగుతుంది, అక్కడ దానికి చోటు ఉంది. బరువు ఒక్క గ్రాము పెరగలేదు. ఏదైనా హుక్‌ను దగ్గరగా చూడండి, లోడు ఆనే లోపలి వైపు లావుగా, వీపు వైపు సన్నగా ఉంటుంది.

ఈ గొడవంతా ఎప్పుడు పట్టించుకోవాలంటే, సెంట్రాయిడ్ రేడియస్‌ను లోతుతో భాగించి చూడండి. మా పీస్‌లో అది 1.17. దీర్ఘచతురస్ర సెక్షన్‌కు ఆ నిష్పత్తి 5 అయితే మామూలు ఫార్ములా లోపలి అంచున 7 శాతం తక్కువ చెప్తుంది, 10 దాటితే 3-4 శాతం లోపే. ఆర్చ్‌లా మెల్లగా వంగిన పెద్ద బీమ్‌కు M/I = f/y వేసినా ఎవరూ ఏమీ అనరు. ఇంకో సంగతి, ఈ లెక్కంతా స్టీలు సాగి మళ్లీ వెనక్కి వచ్చే హద్దులోనే నిలుస్తుంది. లోపలి అంచు యీల్డ్ అయ్యాక స్ట్రెస్ మిగతా దారాలకు పంచుకుపోతుంది, హుక్ నోరు తెరుచుకోవడం మొదలవుతుంది. అందుకే షాపులో కొత్త హుక్ రాగానే నోటికి అటూ ఇటూ రెండు పంచ్ గుర్తులు కొట్టి, మధ్య దూరం రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లం. తనిఖీ అప్పుడు ఆ దూరం పెరిగిందా అని చూసి, లోపలి వంపు మీద డై పెనెట్రంట్ పూసి పగుళ్లు వెతికేవాళ్లం.