కాఫీలు కాదు, పొడి లెక్కపెట్టండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు, ఆఫీసులో రెండు మూడు టీలు తాగుతాను. కొన్నాళ్లుగా పొద్దున పదింటికల్లా చేతులు సన్నగా వణుకుతున్నాయి, రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. అసలు దేనిలో ఎంత కెఫీన్ ఉంటుంది? రోజుకు ఎంతవరకు తాగవచ్చు?

జవాబు:

మూడింటి మెలకువ సంగతి నాకు బాగా తెలుసు. నాలుగేళ్ల క్రితం దాదాపు ఆరు నెలలు నేనూ అలా పైకప్పు చూస్తూ పడుకున్నాను. అప్పట్లో నాకు కాఫీ మీద అనుమానమే రాలేదు. ఇరవై ఏళ్లుగా అదే మూడు గ్లాసులు, అదే ఇత్తడి ఫిల్టరు. కొత్తగా ఏమీ మార్చలేదు కదా అనుకున్నాను. మార్చాను, కానీ అది మార్పుగా నాకు తోచలేదు.

మా ఇంట్లో ఎప్పుడూ 60 పాళ్లు కాఫీ, 40 పాళ్లు చికోరీ కలిపిన పొడి వాడేవాళ్లం. ఒకసారి ఎవరో చికోరీ కల్తీ సరుకని, వంటికి మంచిది కాదని చెప్పగా, ఆరోగ్యం కోసమని స్వచ్ఛమైన కాఫీ పొడికి మారాను. చికోరీ తీసేస్తే డికాషన్ పల్చగా అనిపిస్తుందని, చిక్కదనం కోసం గింజల్లో సగం రోబస్టా వేసి పొడి పట్టమని కొట్టులో చెప్పాను. ఇంట్లో చెంచాల లెక్క మాత్రం మారలేదు.

ఇక్కడే మొత్తం కథ ఉంది. చికోరీ అనేది ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తే రంగు, చేదు, చిక్కదనం ఇస్తుంది తప్ప అందులో కెఫీన్ అసలు ఉండదు. ఇక గింజల విషయానికి వస్తే, అరబికాలో బరువులో సుమారు 1.2 శాతం కెఫీన్ ఉంటుంది, రోబస్టాలో దాదాపు 2.2 శాతం. మన దగ్గర అరకులో పండేది ఎక్కువగా అరబికానే. ప్లాంటేషన్ అని కొట్టులో అమ్మేదీ అరబికా రకమే. పీబెర్రీ అనేది మాత్రం గింజ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. అరబికాలోనూ ఉంటుంది, రోబస్టాలోనూ ఉంటుంది. కాబట్టి ఏ పీబెర్రీ అని అడిగి తీసుకోవాలి.

వంటింటి తూకం మీద చూస్తే నా గ్లాసుకు పడుతున్న పొడి 8 గ్రాములు. పాత పొడిలో అందులో కాఫీ 4.8 గ్రాములే, అదీ అరబికా. అంటే సుమారు 58 మిల్లీగ్రాముల కెఫీన్. ఫిల్టరులో అందులో ఎనభై తొంభై శాతం డికాషన్లోకి దిగుతుంది అనుకుంటే గ్లాసుకు 50 మిల్లీగ్రాములు. కొత్త పొడిలో 8 గ్రాములూ కాఫీనే, సగటున 1.7 శాతం కెఫీన్‌తో. అంటే గ్లాసుకు 115 మిల్లీగ్రాములు. రోజుకు మూడు గ్లాసులకు 150 ఉన్నది 345 అయింది. ఆఫీసులో మూడు చిన్న కప్పుల టీ కలిపితే, కప్పుకు 30 చొప్పున, మొత్తం 240 నుంచి 435కి చేరింది. గ్లాసుల సంఖ్య మారలేదు. పాలు కూడా అంతే పోసుకున్నాను. ఆరోగ్యం కోసం చేసిన మార్పుతో కెఫీన్ దాదాపు రెట్టింపు చేసుకున్నాను.

ఇవి అంచనాలే సుమా. గింజ, వేయింపు, నీళ్ల వేడి, డికాషన్ దిగిన తీరును బట్టి ఇరవై ముప్పై మిల్లీగ్రాములు అటూ ఇటూ అవుతాయి. కానీ కప్పులు లెక్కపెట్టడం కన్నా ఈ లెక్క ఎంతో నయం. రుచిని నమ్మితే మోసపోతాం. నల్లగా, చేదుగా ఉన్నంత మాత్రాన కెఫీన్ ఎక్కువని కాదు. చికోరీ ఎక్కువ పడినా అలాగే ఉంటుంది. టీలోనూ ఇదే సంగతి. టీ పొడిలోని కెఫీన్‌లో ఎక్కువ భాగం మొదటి అయిదు నిమిషాల్లోనే నీళ్లలోకి దిగిపోతుంది. ఆ తర్వాత గంటసేపు మరిగించినా పెరిగేది ముఖ్యంగా వగరు. హైదరాబాద్ ఇరానీ చాయ్ అంత గట్టిగా ఉండడంలో ఈ వగరు పాత్ర పెద్దది. ఫిల్టరులో రెండోసారి నీళ్లు పోసి దించిన డికాషన్‌లోనూ కెఫీన్ కొద్దిగానే ఉంటుంది, చాలా వరకు మొదటిదానిలోనే వెళ్లిపోతుంది. మా అమ్మ పిల్లలకు ఆ రెండో డికాషన్‌తోనే పాలు కలిపి ఇచ్చేది. లెక్క తెలియకపోయినా పని సరిగ్గానే చేసింది.

మిగతావాటి గురించి మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో అంకెలిచ్చింది. 150 మిల్లీలీటర్ల కప్పుకు డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు. టీలో కప్పుకు 30 నుంచి 65. గ్రీన్ టీలో కూడా కెఫీన్ ఉంటుంది, సుమారు ముప్పై. రాత్రి భోజనం తర్వాత ఆరోగ్యానికని గ్రీన్ టీ తాగి నిద్ర రావడం లేదని వాపోయేవారిని ఇద్దరిని చూశాను. చిన్న డబ్బా ఎనర్జీ డ్రింకులో 80 దాకా, కోలాలో ముప్పైకి పైన. కోల్డ్ బ్రూ చల్లగా, కమ్మగా ఉంటుంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని చేసేటప్పుడు వేసే పొడి చాలా ఎక్కువ. శొంఠి, తులసి కషాయాల్లో మాత్రం కెఫీన్ లేదు.

పరిమితి విషయానికి వస్తే, ఆ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన అభిప్రాయంలో ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 వరకు, ఒక్కసారిగా 200 వరకు ఇబ్బంది లేదంది. గర్భిణులకు రోజు మొత్తానికి 200. అయితే ఇవన్నీ ఏ ఇబ్బందీ లేనివాళ్ల కోసం వేసిన గీతలు. వణుకు వస్తున్న మీకు 300 కూడా ఎక్కువే కావచ్చు.

దానికి కారణం ఉంది. కెఫీన్‌ను కాలేయంలోని ఒక ఎంజైము విరగ్గొడుతుంది, దాని వేగం మనిషి మనిషికీ వేరు. తాగిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున అయిదు గంటలు పడుతుంది, కానీ కొందరిలో రెండు గంటల్లోనే తగ్గుతుంది, కొందరిలో తొమ్మిది దాకా పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ సమయం దాదాపు రెట్టింపవుతుంది. పొగ తాగేవారిలో తొందరగా పోతుంది. అందుకే సిగరెట్లు మానేసినవాళ్లకు పాత కాఫీయే కొత్తగా దడ పుట్టిస్తుంది.

నా సాయంకాలపు గ్లాసు అయిదున్నరకి. అందులో 115. పదిన్నరకు నేను పడుకునేసరికి సగటు లెక్కన ఇంకా 57 మిగిలి ఉంటుంది. పాత పొడితో నిండు గ్లాసు తాగి మంచం ఎక్కినట్టే. నిద్ర పట్టదేమో అనుకుంటాం, కానీ నాకు పడుకోగానే పట్టేది. అందుకే కాఫీని తప్పుపట్టలేదు. నిద్ర పలచనై మధ్యలో తెగిపోవడం కూడా దాని పనేనని తర్వాత తెలిసింది. 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి నిద్ర గంటకు పైగా తగ్గింది. వాళ్లు స్వయంగా రాసుకున్న డైరీల్లో మాత్రం అంత తేడా కనిపించలేదు.

తగ్గించే దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. ఒక శనివారం మొత్తం మానేశాను. ఆదివారం మధ్యాహ్నానికి కళ్ల వెనక నుంచి తల పగిలిపోతున్నంత నొప్పి. మాత్ర వేసుకుంటే గంటలో హాయిగా తగ్గింది. తర్వాత అట్ట తిప్పి చూస్తే అందులో పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ కూడా ఉంది! ఒక్కసారిగా మానితే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో ఈ తలనొప్పి మొదలవుతుంది. రెండో రోజు తీవ్రంగా ఉంటుంది, వారం దాకా సాగవచ్చు.

రెండోసారి పొడితోనే తగ్గించాను. రోబస్టా తీసేసి మొత్తం అరబికా పట్టించాను. వారం తర్వాత అందులో అయిదో వంతు చికోరీ, మరో వారానికి పాత 60:40. నాలుక పెద్దగా గొడవ చేయలేదు. సాయంత్రం గ్లాసును మధ్యాహ్నం రెండింటికి జరిపాను, ఆఫీసు టీలు మూడు నుంచి ఒకటికి. మొత్తం 180 దగ్గర ఆగింది. వణుకు మొదటి వారంలోనే పోయింది. మూడింటి మెలకువ పోవడానికి మాత్రం దాదాపు మూడు వారాలు పట్టింది. మీరు కూడా 150, 200 మధ్య మొదలుపెట్టి, మధ్యాహ్నం తర్వాత ఏమీ తాగకుండా మూడు వారాలు చూడండి. ఖాళీ కడుపున మొదటి గ్లాసు తాగే అలవాటుంటే ముందు రెండు ఇడ్లీలు తినండి. కెఫీన్ తగ్గదు గానీ రక్తంలోకి కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది.

ఒక గుర్తు చెబుతాను. కెఫీన్ వణుకు సాధారణంగా తాగిన అరగంట, గంట లోపల మొదలై కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. కాఫీ తాగని రోజున కూడా వణుకుతుంటే, బరువు తగ్గుతుంటే, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే, ఛాతీలో నొప్పి వచ్చినా కళ్లు తిరిగినా లెక్కలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. నాకు డాక్టరు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు. అది బాగానే ఉందని తేలాకే, ఏం తాగుతారు అని అడిగారు.

మీ పొడి పొట్లం మీద కాఫీ, చికోరీ శాతాలు ముద్రించి ఉంటాయి. కొట్టులో పట్టిస్తే గింజ రకం అడగండి. ఆ రెండూ, గ్లాసుకు పడే పొడి బరువూ ఇక్కడ రాస్తే మీ లెక్క కూడా వేసి చెబుతాను.