రాసిపెట్టుకున్న మేలు

ప్రశ్న: మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఒక పాప. మూడేళ్ల క్రితం ఆయనకి బదిలీ అయితే నా ఉద్యోగం మానేసి వెంట వచ్చాను. తర్వాత మా తమ్ముడి చదువుకి డబ్బు కావాల్సివస్తే ఆయన ఏడాదిపాటు రాత్రి డ్యూటీలు చేసి సర్దారు. ఇప్పుడు ఏ చిన్న మాటొచ్చినా ‘నీకోసం నేను అంత చేశాను’ అనే దగ్గరికే వెళ్తోంది, ఇద్దరమూ అంతే. వాదనలో మర్చిపోకూడదని ఎవరు ఏం చేశారో ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. మొన్న ఆయనకి జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నాను. కూర్చుని ‘ఇది కూడా రాయాలి’ అనుకున్నాను. నామీద నాకే భయమేసింది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ నోట్‌ని ఇప్పుడే తీసేయకండి. దానితో ఒక పని ఉంది. అయితే అందులో ఇక కొత్త పద్దు వేయొద్దు.

ముందు ఒక సంగతి. మీ లెక్కా ఆయన లెక్కా ఎప్పటికీ కలవవు. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా కలవవు. 1979లో మైఖేల్ రాస్, ఫియోరే సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 37 జంటల మీద ఒక పరిశీలన చేశారు. ఇరవై రకాల పనుల్లో మీ వాటా ఎంత అని భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగారు. ఇద్దరి వాటాలూ కూడితే చాలా పనుల్లో మొత్తం నూటికి మించింది. గొప్పలు చెప్పుకున్నారనుకుందామంటే, గొడవలు పుట్టించడం లాంటి విషయంలోనూ ఎవరికి వారు తమ వాటానే ఎక్కువ చూపించుకున్నారు. కారణం జ్ఞాపకంలో ఉంది. మనం చేసిన పని మనకి మొదటినుంచి చివరిదాకా తెలుసు, పడిన శ్రమతో సహా. ఎదుటివాళ్ల పనిలో మన కంటబడేది చాలాసార్లు చివరి ఫలితం ఒక్కటే. ‘ఉద్యోగం మానేశాను’ అన్న ఒక్క వాక్యం వెనక మీకు మూడేళ్లు కనిపిస్తాయి. ఆయనకి మీరు రాజీనామా ఇచ్చిన రోజు గుర్తుండొచ్చు. అలాగే ఆయన రాత్రి డ్యూటీలు చాలావరకు మీరు నిద్రలో ఉండగా జరిగాయి. ఇంకా జాగ్రత్తగా రాస్తే లెక్క తేలుతుందనే ఆశ వదులుకోవడానికి ఈ కారణం చాలు.

మీకు భయం వేసిందన్నారు. వేయాల్సిన చోటే వేసింది. పద్దు మొదలయ్యాక చేసే పని ఎవరికోసమన్నది మారిపోతుంది. జ్వరంతో ఉన్న మనిషి పక్కన కూర్చుని ఉన్నా, మనసులో మాత్రం రేపటి వాదనకి సాక్ష్యం తయారవుతూ ఉంటుంది. పుచ్చుకునేవాళ్లకి అది తెలిసిపోతుంది. వాళ్లు సాయం అడగడం తగ్గిస్తారు, లేదా తీసుకున్న వెంటనే ఏదో ఒకటి చేసి ‘తీర్చేస్తారు’. ఇద్దరూ అవసరమైన పని వదిలి కనిపించే పనికి మొగ్గుతారు. మీ ఇంట్లో వీటిలో ఏది మొదలైందో ఓసారి చూసుకోండి.

ఇక నోట్ సంగతి. ఒక్కరే కూర్చుని పద్దులన్నీ మూడు రకాలుగా విడదీయండి: రోజువారీ పనులు, ఉపకారాలు, త్యాగాలు. మీరు వీటిని ఒకే సంచిలో వేశారు. వాదన తెగకపోవడానికి సగం కారణం అదే.

రోజువారీ పనులు ఉపకారాల కిందికి రావు, కాబట్టి వాటికి లెక్క ఉండాల్సిందే. కాకపోతే రహస్యంగా కాదు, ఇద్దరి ముందూ. పంచుకునేటప్పుడు పనిని ముక్కలు చేయకండి. పాప టీకాల సంగతే తీసుకోండి: తేదీ గుర్తుంచుకోవాలి, డాక్టర్ దగ్గర సమయం తీసుకోవాలి, ఆ రోజు సెలవు పెట్టాలి, తీసుకెళ్లాలి, తర్వాత జ్వరం చూసుకోవాలి. ఆయన బండిలో దింపి ‘నేనే తీసుకెళ్లాను’ అంటారు, మీరు ‘నేనే చూసుకున్నాను’ అంటారు, ఎవరి దృష్టిలో వాళ్లది నిజం. అందుకని గుర్తుంచుకోవడం మొదలు చివరిదాకా పని మొత్తం ఒకరికే అప్పగించండి. అప్పగించాక గుర్తుచేయడం మానేయాలి, కష్టమైనా సరే. ఒకసారి ఆలస్యమైనా పర్వాలేదనిపించే పనులతో మొదలుపెట్టండి. మూడు వారాలయ్యాక అరగంట కూర్చుని మార్పులు చేసుకోండి.

ఉపకారాలు, అంటే జ్వరంలో పక్కన కూర్చోవడం లాంటివి, చర్చ లేకుండా తీసేయండి.

మిగిలేవి రెండు త్యాగాలు: మీ ఉద్యోగం, ఆయన రాత్రి డ్యూటీలు. వీటి గురించి ఒకే రోజు మాట్లాడకండి. ఒకే పూట రెండూ వస్తే ఒకదానికి ఒకటి చెల్లు అయిపోతుంది, ఇద్దరి బాధా వినకుండానే మిగులుతుంది. మధ్యలో కనీసం రెండు మూడు రోజుల ఎడం ఉంచి, ముందు ఆయనది వినండి. అడిగింది మీరు కాబట్టి మీరు మొదలుపెడితేనే సులువు. ఇరవై నిమిషాలు ఆయన మాట్లాడాలి, మీరు ప్రశ్నలు మాత్రమే వేయాలి. ‘ఆ ఏడాదిలో మీకు అన్నిటికంటే కష్టమైంది ఏమిటి?’ అనేది మంచి ప్రశ్న. ‘కానీ నేను కూడా’ అనే మాట ఆ రోజుకి నిషేధం. చివర్లో మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి. ‘చాలా చేశారు’ అంటే పనిచేయదు. ‘ఆ ఏడాది పాప నిద్రలేచేసరికి మీరు పడుకునేవారు, దానితో ఆడుకునే పొద్దులన్నీ పోయాయి’ లాంటి నిర్దిష్టమైన మాట కావాలి. ఆయన ‘కాదు, ఇంకొకటి’ అంటే మళ్లీ వినండి. తర్వాత మీ వంతు, ఇదే పద్ధతిలో.

మీ వంతు వచ్చినప్పుడు ఒక తేడా బయటపడుతుంది. ఆయన రాత్రి డ్యూటీలు అయిపోయాయి. మీ నష్టం ఇంకా నడుస్తోంది. ముగిసిన త్యాగానికి గుర్తింపు చాలావరకు సరిపోతుంది. నడుస్తున్న నష్టానికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా సరిపోదు, దానికి నిర్ణయం కావాలి: మీరు తిరిగి పనిలో చేరాలనుకుంటున్నారా, ఏ నెలకి, దానికోసం చదువుకో శిక్షణకో ఎంత ఖర్చు, వారంలో ఏ గంటలు పాప బాధ్యత ఆయనది. బదిలీ వచ్చినప్పుడు ఆయన అసలు అడిగారా, లేక మీరే ‘సరే’ అనేశారా అన్నది కూడా ఆ రోజే తేల్చుకోండి. మనసారా ఒప్పుకున్నారని ఆయన ఇన్నాళ్లూ అనుకుని ఉండొచ్చు.

‘మీరు ఇది చేస్తే నేను అది చేస్తాను’ అని ఒప్పందం రాసుకోవాలని ఈ దశలో ఎవరికైనా అనిపిస్తుంది. 1960ల చివర్లో దాంపత్య చికిత్సలోనే ఇలాంటి మార్పిడి పద్ధతులు వాడారు. చిక్కు ఏమిటంటే, అలా వచ్చిన మంచి పని ప్రేమతో చేసిందనిపించదు, షరతు కోసం చేసిందనిపిస్తుంది. ఒకరు తప్పితే రెండోవాళ్లూ ఆపేస్తారు. పనుల పంపకానికి ఒప్పందం పెట్టుకోండి, ఆప్యాయతకి వద్దు.

ఇకమీదట పెద్ద సాయమేదైనా చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆయన దీని ఊసే ఎత్తకపోతే ఏడాది తర్వాత నాకు మండుతుందా? మండుతుందనిపిస్తే ఇప్పుడే పైకి చెప్పండి. ‘చేస్తాను, కానీ నాకు ఇది బరువే, ఆరు నెలలకి మళ్లీ మాట్లాడుకుందాం’ అంటే చాలు. పాత వాక్యం మళ్లీ దొర్లుతుంది, ముఖ్యంగా ఇద్దరూ అలసిన వారాల్లో. అప్పుడు ‘అది వేరే రోజు మాట్లాడదాం, ఇప్పుడు ఈ విషయం’ అని అసలు సంగతికి తిరిగిరండి. గొడవ ఏ విషయంతో మొదలైందో ఆ విషయంలోనే ముగుస్తుంటే దారిలో పడుతున్నట్టు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ చేయకండి. చేసిన సాయాన్ని చూపి ఆయన మిమ్మల్ని నోరెత్తనివ్వకపోయినా, డబ్బు మీ చేతికి అందకుండా చూసినా, మీకు ఆయనంటే భయం ఉన్నా నోట్ భద్రంగా ఉంచుకోండి. ఆయనతో కలిసి కాకుండా ముందు మీరొక్కరే ఒక కౌన్సిలర్‌ని కలవండి.