ఒక్క కెమెరాతో అడ్డం వీడియో, నిలువు రీల్: జీలకర్ర బెల్లం షాట్ లెక్క

ప్రశ్న: కొత్తగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఒకసారే తీసి యూట్యూబ్‌కి అడ్డం వీడియో, ఇన్‌స్టాకి నిలువు రీల్ రెండూ ఇవ్వడం కుదురుతుందా? కెమెరాలో ఏ రేషియో పెట్టాలి, ఫ్రేమ్ ఎలా పెట్టుకోవాలి?

కుదురుతుంది. అయితే మెనూలో ఒక రేషియో ఎంచుకుంటే తీరిపోయే పని కాదిది. మీరు ఎక్కడ నిలబడ్డారు, ఏ లెన్స్ తగిలించారు అన్న దగ్గరే ముప్పాతిక వంతు తేలిపోతుంది. భీమవరం చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తాను, బయటివాళ్ల ఫుటేజ్ కూడా ఎడిట్ చేస్తాను. షూటింగ్‌లో ఎవరు ఏం ఆలోచించలేదో ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే ఇట్టే తెలిసిపోతుంది.

పోయిన మాఘమాసంలో వేరే టీమ్ తీసిన పెళ్లి ఒకటి నా దగ్గరికి వచ్చింది. అందులో జీలకర్ర బెల్లం షాట్‌కి అడ్డంగా చూస్తే వంక పెట్టడానికి లేదు. ఎడమ పక్క పెళ్లికూతురు, కుడి పక్క పెళ్లికొడుకు, మధ్యలో తెర, చుట్టూ అక్షింతలు పట్టుకున్న చేతులు. పెళ్లికూతురి తమ్ముడికి సాయంత్రానికల్లా రీల్ కావాలట. సరేనని ఆ షాట్‌ని నిలువుగా కోస్తే మిగిలింది తెర, దాని మీద గీసిన స్వస్తిక్, అటొక మోచెయ్యి, ఇటొక మోచెయ్యి. అతను నా కుర్చీ వెనకే నిలబడి చూసి, "అన్నా, ఇందులో మా అక్క ఏది?" అన్నాడు. ఫ్రేమ్‌ని అక్క వైపు జరిపితే బావగారు పోయారు. ఆవిడ తల మీద ఎవరిదో తెలియని చెయ్యి ఒకటి మిగిలింది. చివరికి ఇద్దర్నీ రెండు ముక్కలు చేసి పైన ఒకరిని, కింద ఒకరిని పెట్టాను. ముహూర్తం వేళ ఎదురెదురుగా కూర్చున్న జంటను ఒకరి మీద ఒకరిని పేర్చాల్సి వచ్చింది!

ఇంకో మార్గం ఉంది కదా అంటారు కొందరు. అడ్డం వీడియోని మధ్యలో చిన్నగా పెట్టి, పైనా కిందా అదే వీడియోని మసకగా నింపడం. అది రీల్ కాదు, రీల్‌లో అతికించిన యూట్యూబ్ వీడియో. ఫోన్ తెరలో మూడో వంతు కూడా లేని బొమ్మ కోసం జనం ఆగరు.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చూడండి. 16:9 ఫ్రేమ్‌లోంచి పూర్తి ఎత్తుతో 9:16 కోస్తే, వెడల్పులో మనకు దక్కేది 32 శాతం లోపే. మీ కెమెరాలో మూడు నిలువు గళ్ల గ్రిడ్ ఉంటుంది కదా, అందులో మధ్య గడి కన్నా కొంచెం సన్నం. అంటే గ్రిడ్ ఆన్ చేస్తే చాలు, నిలువు ఫ్రేమ్ ఎంతవరకో మానిటర్ మీద ఉచితంగా కనిపించినట్టే. మనకు మొదట నేర్పే రూల్ ఆఫ్ థర్డ్స్ మనిషిని తీసుకెళ్లి ఆ గీత మీదే పెట్టమంటుంది. ఆ గీతేమో నిలువు ఫ్రేమ్ అంచున ఉంది. రెండూ ఇవ్వాల్సిన షాట్‌లో ఆ రూల్‌ని పక్కన పెట్టాల్సిందేనని నా గట్టి నమ్మకం. యూట్యూబ్ పాఠాలు చెప్పేవాళ్లు తిట్టినా సరే.

ఇప్పుడు రేషియో సంగతి. మీ కెమెరాలో ఓపెన్ గేట్ ఉంటే అదే పెట్టండి. సెన్సర్‌ని 16:9గా పైనా కిందా కత్తిరించకుండా మొత్తం రికార్డ్ చేయడమే అది. నేను వాడే పానసోనిక్ ఎస్5 టూలో అది 3:2, అంటే 5952 × 3968 పిక్సెళ్లు. ఇందులో నిలువు ఫ్రేమ్‌కి 2232 × 3968 వస్తుంది. వెడల్పులో 37.5 శాతం. 32 నుంచి 37.5 అంటే చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ, రెండో మనిషి భుజం లోపల ఉందా తెగిందా అన్నది ఆ తేడాలోనే ఉంటుంది. అడ్డం వీడియోకి పూర్తి వెడల్పు తీసుకుంటే 5952 × 3348 పడుతుంది. పైనా కిందా కలిపి 620 లైన్లు మిగులుతాయి కాబట్టి ఆ కిటికీని ఎడిటింగ్‌లో పైకో కిందికో జరుపుకోవచ్చు.

ఓపెన్ గేట్ లేకపోతే మామూలు 4కెలో తీయండి. 3840 × 2160లోంచి నిలువుకి 1215 × 2160 వస్తుంది. రీల్‌కి కావలసింది 1080 × 1920 కాబట్టి సరిపోతుంది, కాకపోతే జూమ్ చేసుకోవడానికి పెద్దగా మిగలదు. ఫుల్ హెచ్‌డీలో తీశారంటే మాత్రం నిలువుకి 607 పిక్సెళ్ల వెడల్పే. దాన్ని సాగదీస్తే మొదట పట్టుచీర జరీ కలిసిపోయి ముద్దలా కనిపిస్తుంది, తర్వాత పూలజడ. అక్కడే చూసి తెలుసుకోవచ్చు.

అదే జీలకర్ర బెల్లం షాట్‌ని నేను ఎలా పెడతానో చెబుతాను. మండపానికి ఎదురుగా నాలుగు మీటర్ల దూరంలో ట్రైపాడ్, ఫుల్ ఫ్రేమ్ మీద 28 ఎంఎం లెన్స్, రికార్డింగ్ ఓపెన్ గేట్‌లో. అక్కడి నుంచి నిలువు ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు 1.9 మీటర్లు. చెయ్యి చాచి ఎదుటివాళ్ల తల అందుకునేంత దగ్గరగా కూర్చున్న ఇద్దరు, జడలూ పూలదండలతో సహా, ఒకటిన్నర మీటర్లో సరిపోతారు. అదే చోట 35 ఎంఎం తగిలిస్తే వెడల్పు 1.54 మీటర్లకు పడిపోతుంది. వెనక్కి కాస్త వాలినా తల తెగుతుంది. అందుకే నా పద్ధతి ఒకటే: దూరాన్నీ లెన్స్‌నీ నిలువు ఫ్రేమ్ చూసి నిర్ణయించండి.

అప్పుడు అడ్డం ఫ్రేమ్ వెడల్పు అయిదు మీటర్లు దాటి, జంట మానిటర్‌లో మరీ దూరంగా కనిపిస్తుంది. కంగారు పడకండి. అడ్డం వీడియో 4కెలో ఇవ్వాలన్నా మీకు కావలసింది 3840 పిక్సెళ్లే, ఉన్నవి 5952. దాన్ని కూడా కోసుకోండి. అలా కోస్తే అడ్డంగా 3.3 మీటర్లు మిగులుతుంది. జంట, వాళ్ల పక్కన కూర్చున్న తల్లిదండ్రులు, పురోహితులు గారు అందులో నిండుగా ఉంటారు. కొత్తవాళ్లు చాలామంది అడ్డం ఫ్రేమ్‌ని షూటింగ్‌లోనే అందంగా నింపేసి, నిలువు సంగతి ఎడిటర్‌కి వదిలేస్తారు. ఎడిటర్ లేని భుజాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు?

ఒక జాగ్రత్త. పక్క కోణం నుంచి, పెళ్లికూతురి భుజం వెనక నుంచి తీస్తే ఇద్దరూ ఒకరి వెనక ఒకరుగా వచ్చి నిలువు ఫ్రేమ్‌లో చక్కగా ఇముడుతారు. మంగళసూత్రధారణకి నేను అలాగే వెళతాను. కానీ తెర ఉన్నంతసేపూ ఆ కోణం పనికిరాదు, పెళ్లికొడుకు తెర చాటున పడిపోతాడు. తెర దించేదాకా ఎదురుగానే ఉండాలి. మీ వైపు తెర అంచు పట్టుకున్న పెద్దాయన సరిగ్గా లెన్స్‌కి అడ్డంగా నిలబడతాడు, అది మాత్రం రాసిపెట్టుకోండి. ముహూర్తానికి ముందే వెళ్లి "బాబాయ్ గారూ, కొంచెం కూర్చుని పట్టుకోండి" అని చెప్పుకుంటే వింటారు. ఆ నిమిషంలో అరిస్తే పురోహితులు గారు మిమ్మల్నే దింపేస్తారు.

వెడల్పు అయ్యాక ఎత్తు. రీల్ మీద పేరు, క్యాప్షన్, లైక్ బటన్లు వచ్చి కూర్చుంటాయి. రీల్స్‌లో వచ్చే ప్రకటనలకు మెటా చెప్పే లెక్క ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల ఆరేసి శాతం ముఖ్యమైనవేవీ లేకుండా వదలాలి. మామూలు రీల్‌కి అంత కఠినం కాకపోయినా నేను ఆ కొలతనే పాటిస్తాను. మన షాట్‌లో నిలువు ఫ్రేమ్ ఎత్తు 3.4 మీటర్లు, కింది 35 శాతం అంటే 1.2 మీటర్లు. పీటల మీద కూర్చున్నవాళ్ల తల మండపం నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్లు ఉంటుంది. ఫ్రేమ్ కింది అంచుని నేలకి ఆనించారనుకోండి, ముఖాలు రెండూ క్యాప్షన్ కిందికి వెళతాయి. కెమెరాని కొంచెం దించి, మండపం ముందు కట్టిన పూల అలంకరణ అర మీటరు పైగా ఫ్రేమ్‌లోకి వచ్చేలా పెడితే తలలు పైకి వస్తాయి. అడ్డం వీడియోలో ఆ పూలు వద్దనుకుంటే కిటికీని పైకి జరపడమే.

ఇవన్నీ ముహూర్తం వేళ గుర్తుండవు. అందుకే కెమెరాలో ఫ్రేమ్ మార్కర్ ఆన్ చేసి 9:16 గీతలు పెట్టుకోండి. ఆ సదుపాయం లేకపోతే బయటి మానిటర్ మీద సన్నటి టేపు అంటించండి. నాది ఇప్పటికీ టేపే. ముందుగా ఇద్దరు పిల్లల్ని పీటల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి చెయ్యి తల మీద పెట్టించి చూస్తే అంతా అక్కడే తేలుతుంది. పిల్లలు దీనికి ఎగబడి వస్తారు కూడా.

ఓపెన్ గేట్ ఊరికే రాదు. నా కెమెరాలో సెకనుకు 30 ఫ్రేములు దాటదు, కాబట్టి స్లోమోషన్ లేదు. సెన్సర్ మొత్తం చదవాలి కాబట్టి కెమెరాని గబుక్కున తిప్పితే స్తంభాలు వంగినట్టు కనిపిస్తాయి. 200 ఎంబీపీఎస్ దగ్గర గంటకు 90 జీబీ. కార్డులు లెక్కపెట్టుకుని వెళ్లండి.

తలంబ్రాలు మాత్రం ఈ లెక్కకి లొంగవు. బియ్యం రెండు పక్కలకీ చిమ్ముతుంది, వెనక చుట్టాలు లేచి నిలబడతారు, ఆ గోలంతా కలిస్తేనే అడ్డం షాట్‌కి అందం. దాన్ని నిలువుగా కోస్తే గోల పోయి నలుగురి చేతులే మిగులుతాయి. ఊరేగింపు, వరసలో నిలబడ్డ కుటుంబం కూడా అంతే. అలాంటి చోట అడ్డం షాట్‌ని నిండుగా తీసుకుని, నిలువుకి వేరే మనిషిని ఫోన్‌తో దగ్గరగా పెట్టండి. ఆ మనిషి కూలీ ముందే కొటేషన్‌లో వేయండి. "రీల్ కూడా కలిపే కదా" అనే మాట అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు రాదు, అప్పగింతలయ్యాక వస్తుంది.